మూలధన తగ్గింపు ద్వారా అంతర్గత పునర్నిర్మాణం: ఒక వేరుశనగ నూనెమిల్లు లెక్కల పరిశీలన

వ్యాససంగ్రహం:
ఏళ్ల తరబడి పోగుపడిన నష్టాలను వాటాదారుల మూలధనంతో సరిపెట్టి, కంపెనీ తన ఆస్తి అప్పుల పట్టీని వాస్తవ స్థితికి తెచ్చుకొనే ప్రక్రియకు అంతర్గత పునర్నిర్మాణమని పేరు. కంపెనీ మూతపడదు, కొత్త కంపెనీ పుట్టదు. ఈ ప్రక్రియ వల్ల కంపెనీలోకి ఒక్క రూపాయి కూడా రాదు. అయినా దీనిని ఎందుకు చేపడతారు, దీని భారం ఎవరిపై ఎంత పడుతుంది అన్న రెండు ప్రశ్నలను కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలో ఉన్నట్లు ఊహించిన ఒక నూనెమిల్లు కంపెనీ లెక్కల సహాయంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూలధన తగ్గింపు, అంతర్గత పునర్నిర్మాణం, కల్పిత ఆస్తులు, పోగుపడిన నష్టాలు, ముఖవిలువ, ఆధిక్యపు వాటాలు.

1. కొట్టివేత అన్న మాట

వాణిజ్యశాస్త్రపు తెలుగు పాఠ్యపుస్తకాలలో ‘నష్టాలను రద్దు చేయడం’, ‘నష్టాలను కొట్టివేయడం’ అన్న ప్రయోగాలు విరివిగా కనిపిస్తాయి. కరవులూ పంటరుణాలూ నిత్యవ్యవహారమైన రాయలసీమలో ఈ మాటలు వినగానే పాఠకునికి స్ఫురించేది రుణమాఫీ. మాఫీలో ఇవ్వవలసినవాడు బయటపడతాడు, రావలసినవాడు ఆ మేరకు వదులుకుంటాడు. మూలధన తగ్గింపులో అటువంటిదేమీ జరగదు. కంపెనీ బ్యాంకుకు ఇవ్వవలసిన అప్పు అలాగే ఉంటుంది. సరుకు ఇచ్చిన వర్తకుని బాకీ కూడా అలాగే ఉంటుంది. ఎన్నడో జరిగిపోయిన నష్టాన్ని పుస్తకాలు ఇప్పుడు ఒప్పుకుంటాయి, అంతే.

‘మూలధనం’ అన్న పదం కూడా కొంత తికమక పెడుతుంది. మాటను బట్టి చూస్తే అది పెట్టెలో దాచిన సొమ్ము అనిపిస్తుంది. లెక్కల భాషలో అది సొమ్ము కాదు, వాటాదారులకు కంపెనీపై ఉన్న హక్కుకు వేసిన అంకె. అందుకే అది ఆస్తుల వైపు కాక అప్పుల వైపు కనిపిస్తుంది. వాటాదారులు ఇచ్చిన డబ్బుతో కొన్న యంత్రం అరిగిపోయినా, ఆ డబ్బు నష్టాలలో కరిగిపోయినా ఆ అంకె దానంతటది తగ్గదు. రెండు వైపులూ సరితూగాలి కనుక, కరిగిపోయిన మొత్తాన్ని ఆస్తుల వైపు ‘లాభనష్టాల ఖాతా డెబిట్ నిల్వ’ అన్న పేరుతో చూపేవారు. దానికి అమ్మకపు విలువ లేదు, వాడుక విలువా లేదు. కంపెనీ స్థాపనకు అయిన ప్రాథమిక ఖర్చులు, వాటాల జారీపై ఇచ్చిన డిస్కౌంటు వంటివి కూడా ఈ కోవలోవే. వీటినే కల్పిత ఆస్తులు అంటారు.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. తరగతి గదిలో నేర్పే ఈ రూపం నేటి ఆస్తి అప్పుల పట్టీలో కనిపించదు. 2011 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు వర్తించిన సవరించిన నమూనా, దాని తరువాత 2013 కంపెనీల చట్టపు మూడవ షెడ్యూలు ప్రకారం లాభనష్టాల ఖాతాలోని డెబిట్ నిల్వను ‘రిజర్వులు, మిగులు’ శీర్షిక కింద రుణసంఖ్యగా చూపాలి. ప్రాథమిక ఖర్చులను కూడా అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం అయిన సంవత్సరమే ఖర్చుగా రాసివేయాలి. కాబట్టి నేటి కంపెనీలో కల్పిత ఆస్తులను వెదకవలసిన చోటు వేరు. వసూలు కాని బాకీలు, పనికిరాని సరుకు, ఎప్పుడో కొన్న గుడ్‌విల్, ఆగిపోయిన యంత్రానికి ఇంకా మిగిలి ఉన్న పుస్తకపు విలువ నేడు ఆ పాత్రను పోషిస్తున్నాయి. ఇవి పేరుకు నిజమైన ఆస్తులే కావడం వల్ల వీటిని గుర్తించడం మరింత కష్టం.

2. మిల్లు లెక్కలు

ఆదోని ప్రాంతంలో స్టాక్ ఎక్స్చేంజిలో నమోదు కాని ఒక పబ్లిక్ కంపెనీ వేరుశనగ నూనెమిల్లు నడుపుతున్నదని అనుకుందాం. వర్షాధారపు పంట దెబ్బతిన్న సంవత్సరాలలో మార్కెట్‌కు కాయలు రాక మిల్లు సగం కాలం ఖాళీగా ఉంది. జీతాలు, వడ్డీ, కరెంటు కనీస ఛార్జీలు మాత్రం ఆగలేదు. అలా పోగుపడిన నష్టం 205 లక్షల రూపాయలు. ఈ లెక్కలో విషయం సులభంగా తెలియడానికి పాత పద్ధతిలోని పట్టీనే తీసుకోవడమైనది. అంకెలన్నీ లక్షల రూపాయలలో ఉన్నాయి.

| వివరం | తగ్గింపుకు ముందు | తగ్గింపు తరువాత |
|---|---|---|
| ఈక్విటీ మూలధనం (40 లక్షల వాటాలు) | 400 | 90 |
| 8 శాతం సంచిత ఆధిక్యపు వాటాలు | 100 | 100 |
| బ్యాంకు అప్పు | 150 | 150 |
| ఇతర రుణదాతలు | 90 | 90 |
| మొత్తం | 740 | 430 |
| స్థలం, భవనాలు | 160 | 160 |
| యంత్రాలు | 210 | 150 |
| గుడ్‌విల్ | 20 | – |
| సరుకు నిల్వ | 50 | 45 |
| రుణగ్రస్తులు | 80 | 65 |
| నగదు | 10 | 10 |
| ప్రాథమిక ఖర్చులు | 5 | – |
| లాభనష్టాల ఖాతా (నష్టం) | 205 | – |
| మొత్తం | 740 | 430 |

మొదటి వరుసను బట్టి చూస్తే పది రూపాయల వాటా నలభై లక్షల మంది చేతుల్లో కాకపోయినా నలభై లక్షల కాగితాల మీద పది రూపాయలుగానే ఉంది. మదింపుదారులు ఒక్కొక్క ఆస్తినీ చూసినప్పుడు తేలింది వేరు. నూనె తీసే పాత ఎక్స్‌పెల్లర్లు 210 లక్షల విలువ చేయవు, 150 లక్షలకు మించవు. రుణగ్రస్తులలో 15 లక్షలు రావు. నిల్వలో 5 లక్షల పిండి పాడైపోయింది. నష్టాలు పెరుగుతున్న మిల్లుకు గుడ్‌విల్ ఉండే ప్రసక్తి లేదు. వీటన్నింటినీ నష్టంతో, ప్రాథమిక ఖర్చులతో కలిపితే పుస్తకాల నుంచి తొలగించవలసిన మొత్తం 310 లక్షలు. మిగిలే నిజమైన ఆస్తి 430 లక్షలు. అందులో అప్పులు 240 లక్షలు పోగా వాటాదారులందరికీ కలిపి ఉన్నది 190 లక్షలు.

3. భారం ఎవరిది

ఇంతవరకు లెక్క. అసలు వివాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది. 310 లక్షలను ఎవరి మూలధనం నుంచి తగ్గించాలి?

డైరెక్టర్లు మొదట ఒక ప్రతిపాదన చేశారనుకుందాం. ఈక్విటీ వాటాను 10 రూపాయల నుంచి 3 రూపాయలకు తగ్గిస్తే 280 లక్షలు వస్తాయి. నూరు రూపాయల ఆధిక్యపు వాటాను 70కి తగ్గిస్తే మరో 30 లక్షలు వస్తాయి. రెండూ కలిపి 310. అందరూ కొంత కొంత వదులుకున్నట్లు కనిపించే ఈ పంపకం చూడటానికి న్యాయంగానే ఉంటుంది.

ఇది న్యాయం కాదు. కంపెనీ మూసివేతలో ఆధిక్యపు వాటాదారులకు మూలధనం ముందుగా చెల్లించాలని షరతు ఉన్నప్పుడు, నష్టం మొదట పడవలసింది ఈక్విటీపైనే. ఉన్న 190 లక్షలలో ఆధిక్యపు వాటాదారుల 100 లక్షలు పూర్తిగా భద్రంగా ఉన్నాయి. మిగిలిన 90 లక్షలే ఈక్విటీది, అంటే వాటాకు రూ.2.25. పై ప్రతిపాదనలో ఈక్విటీకి 3 రూపాయలు దక్కుతున్నాయంటే, ఆ అదనపు 75 పైసలు ఆధిక్యపు వాటాదారుల దగ్గర నుంచి తీసినవే. 40 లక్షల వాటాలకు 75 పైసల చొప్పున 30 లక్షలు! ఈక్విటీలో డైరెక్టర్ల కుటుంబాలకే ఎక్కువ వాటాలు ఉండటం ఇటువంటి కంపెనీలలో అరుదు కాదు కనుక, ‘అందరూ సమానంగా త్యాగం చేశారు’ అనే మాటను ఈ కూడికతో సరిచూసుకోవడం మంచిది.

అందువల్ల సరైన మార్గం ఈక్విటీ వాటాను 10 నుంచి రూ.2.25కి తగ్గించడం. వాటాకు రూ.7.75 చొప్పున 40 లక్షల వాటాలపై సరిగ్గా 310 లక్షలు వస్తాయి. పుస్తకాలలో ఇది రెండు నమోదులతో ముగుస్తుంది. మొదటి దానిలో పది రూపాయల ఈక్విటీ మూలధనం ఖాతాను 400 లక్షలకు డెబిట్ చేసి, రూ.2.25 ఈక్విటీ మూలధనం ఖాతాకు 90 లక్షలు, మూలధన తగ్గింపు ఖాతాకు 310 లక్షలు క్రెడిట్ చేస్తారు. రెండవ దానిలో మూలధన తగ్గింపు ఖాతాను 310 లక్షలకు డెబిట్ చేసి లాభనష్టాల ఖాతాకు 205, యంత్రాలకు 60, గుడ్‌విల్‌కు 20, రుణగ్రస్తులకు 15, సరుకుకు 5, ప్రాథమిక ఖర్చులకు 5 లక్షలు క్రెడిట్ చేస్తారు. తగ్గింపు ఖాతాలో ఏమైనా మిగిలితే అది మూలధన రిజర్వుకు పోవాలి. దానిని లాభంగా పంచడానికి వీలులేదు. ఆచరణలో యంత్రాలు, బాకీలు, సరుకు విలువ తగ్గుదలను ముందుగా లాభనష్టాల ఖాతాలో నష్టంగా చూపి, పెరిగిన ఆ నిల్వనే మూలధనంతో సరిపెట్టడం అకౌంటింగ్ ప్రమాణాలకు అనుకూలం. ఫలితం ఒకటే అయినా చదివేవారికి ఆ ఏడాది నష్టం దాచకుండా కనిపిస్తుంది.

ఆధిక్యపు వాటాదారులకు మూడేళ్ల డివిడెండు 24 లక్షలు బకాయి ఉందనుకుందాం. ప్రకటించని డివిడెండు అప్పు కాదు కాబట్టి అది పట్టీలో లేదు, వివరణలలో మాత్రమే ఉంటుంది. దానిని వారు వదులుకుంటే ఏ నమోదూ అవసరం లేదు. అయితే పట్టీలో లేదంటే హక్కు లేదని అర్థం కాదు. దానిని వదులుకోవాలంటే ఆ తరగతి వాటాదారులలో మూడు వంతుల విలువ గలవారి సమ్మతి కావాలి. వారు సమ్మతించడానికి కారణం తరువాతి భాగంలో తెలుస్తుంది.

4. రూపాయి రాని పని ఎందుకు

మొదటి కారణం డివిడెండు. గత సంవత్సరాల నష్టాలను, చూపని తరుగుదలను ప్రస్తుత లాభంతో సరిపెట్టనిదే డివిడెండు ప్రకటించరాదని 2013 చట్టపు 123వ సెక్షన్‌కు 2015లో చేసిన సవరణ చెబుతుంది. మంచి వానలు కురిసి మిల్లు ఏటా 20 లక్షలు లాభం తెచ్చినా, 205 లక్షలు తీరడానికి పదేళ్లు దాటుతుంది. అంతవరకు ఆధిక్యపు వాటాదారులకు ఒక్క పైసా రాదు. నష్టం తొలగిన మరుసటి ఏడాదే 20 లక్షల లాభంలో వారి 8 లక్షలు చెల్లించవచ్చు. పాత 24 లక్షలను వదులుకోవడంలో వారి లెక్క ఇదే.

రెండవ కారణం ఇంతకన్నా బలమైనది, పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించనిది. కాయల కోత సమయంలో మిల్లుకు కొనుగోలు సొమ్ము కావాలి. చేతిలో ఉన్న 10 లక్షలు ఏమాత్రం చాలవు. ఒక కొత్త పెట్టుబడిదారు 90 లక్షలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. నిజవిలువ రూ.2.25 ఉన్న వాటాను అతడు పది రూపాయలకు కొనడు. పది రూపాయల ముఖవిలువ గల వాటాను తక్కువకు ఇవ్వడానికి 53వ సెక్షన్ ఒప్పదు. శ్రమకు బదులుగా ఇచ్చే వాటాలకు, అప్పుల పునర్వ్యవస్థీకరణలో రుణదాతలకు ఇచ్చే వాటాలకు ఉన్న మినహాయింపులు ఇతనికి వర్తించవు. పది రూపాయల చొప్పున అయితే అతనికి 9 లక్షల వాటాలు, అంటే కంపెనీలో సుమారు 18 శాతం వస్తుంది. తగ్గించిన రూ.2.25 చొప్పున అయితే 40 లక్షల వాటాలు, అంటే సరిగ్గా సగం. ముఖవిలువ తగ్గనిదే ఆ 90 లక్షలు గుమ్మం దాటి లోపలికి రావు. పాత వాటాదారులు కూడా తమ నష్టం ఏ రోజున నిజంగా తెలిసివస్తుందో ఇక్కడ గమనించాలి. ముఖవిలువ తగ్గిన రోజున వారి చేతిలో మిల్లు మొత్తం ఉంది. కొత్త వాటాలు జారీ అయిన రోజున సగమే ఉంటుంది.

5. చట్టం నడిపించే దారి

కర్నూలు, కడప జిల్లాల కంపెనీలకు ఈ వ్యవహారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచిలో నడుస్తుంది. 2013 చట్టపు 66వ సెక్షన్ 2016 డిసెంబరు 15న అమలులోకి వచ్చేవరకు ఈ అధికారం 1956 చట్టపు 100వ సెక్షన్ కింద హైకోర్టుది. 66వ సెక్షన్‌లో ఈ మిల్లుకు సంబంధించిన మాట ఒకటే: పోయిన మూలధనాన్ని, లేదా అందుబాటులో ఉన్న ఆస్తుల రూపంలో కనిపించని మూలధనాన్ని రద్దు చేయవచ్చు. కాబట్టి ఆ మూలధనం నిజంగా పోయిందని రుజువు చేయవలసిన బాధ్యత కంపెనీదే. మదింపు నివేదికలు అందుకే.

వాటాదారుల సభలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలి. అంటే అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లకు తగ్గరాదు. ప్రజల నుంచి తీసుకున్న డిపాజిట్లు గాని వాటిపై వడ్డీ గాని బకాయి ఉంటే అసలు ఈ దారే మూసుకుపోతుంది. దరఖాస్తుతో పాటు రుణదాతల జాబితాను, లెక్కల పద్ధతి ప్రమాణాలకు లోబడి ఉన్నదన్న ఆడిటర్ ధ్రువపత్రాన్ని ఇవ్వాలి. ట్రిబ్యునల్ కేంద్ర ప్రభుత్వానికి, విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రారుకు, రుణదాతలకు నోటీసులు పంపుతుంది. వారు మూడు నెలలలోగా అభ్యంతరాలు తెలపకపోతే లేనట్లే భావిస్తారు. ఇంగ్లీషు పత్రికతో పాటు తెలుగు పత్రికలో కూడా ప్రకటన వస్తుంది. సరుకు ఇచ్చిన చిన్న వర్తకుడు సాధారణంగా ఆ ప్రకటనను చదవడు. అయినా ఈ మిల్లు విషయంలో అతనికి భయపడవలసింది తక్కువే. వాటాదారులకు డబ్బు తిరిగి ఇవ్వడం లేదు, చెల్లించవలసిన వాటా సొమ్మును మాఫీ చేయడం లేదు. అతని బాకీ వెనుక ఉన్న ఆస్తి నిన్న ఎంతో నేడూ అంతే. ఆదేశపు నకలు అందిన 30 రోజులలోగా దానిని రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసి ధ్రువపత్రం పొందాలి.

ఈ దారిని సకాలంలో పట్టని కంపెనీకి మరొక దారిలో మూలధనం పోతుంది. పల్నాడు ప్రాంతపు దాచేపల్లిలో కర్మాగారం గల ఆంధ్రా సిమెంట్స్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇదే అమరావతి బెంచి 2023 ఫిబ్రవరిలో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం సాగర్ సిమెంట్స్ చేతికి 95 శాతం వాటా వచ్చింది. దివాలా చట్టం కింద ప్రణాళిక ఆమోదం పొందాక వాటాదారుల సభ, ప్రత్యేక తీర్మానం వేరుగా అవసరం లేదు. చట్టమే వారి సమ్మతి ఉన్నట్లు భావిస్తుంది. ఎంత వదులుకోవాలో వాటాదారులు తామే ఓటు వేసి తేల్చుకునే అవకాశం 66వ సెక్షన్‌లో ఉంది. అక్కడ ఆ నిర్ణయం రుణదాతల కమిటీది.

6. ఎక్కడ తప్పుతుంది

తగ్గింపులో రెండు రకాల అతి జరుగుతుంది. ఆస్తుల విలువను పెంచి చూపి నష్టాన్ని కప్పడం మొదటిది. మిల్లు స్థలం విలువ పెరిగిందని 30 లక్షలు మూలధన తగ్గింపు ఖాతాకు క్రెడిట్ చేసే పద్ధతి పరీక్షల లెక్కలలో మామూలే. ప్రమాణాల ప్రకారం ఆ పెరుగుదల పునర్మూల్యాంకన మిగులుగా విడిగా ఉండాలి. అమ్మని స్థలంపై కనిపించే పెరుగుదలతో, ఇప్పటికే చేతిలోంచి పోయిన డబ్బును పూడ్చలేము.

రెండవది మరింత సూక్ష్మమైనది. యంత్రాలను అవసరానికి మించి తగ్గించడం. ఈ మిల్లులో 60 లక్షల తగ్గింపు అతి అనుకుంటే, ఆ యంత్రాలకు మరో 15 ఏళ్ల ఆయువు ఉన్నప్పుడు ఏటా తరుగుదల 4 లక్షలు తగ్గుతుంది. లాభం ఆ మేరకు పెరిగినట్లు కనిపిస్తుంది. కొత్త యాజమాన్యపు సామర్థ్యంగా చెలామణీ అయ్యే ఆ లాభం నిజానికి పాత వాటాదారుల మూలధనమే. దీనిని గుర్తించే ఉపాయం కష్టమైనది కాదు. పునర్నిర్మాణం తరువాతి రెండు మూడేళ్ల లాభంలో తరుగుదలకు ముందున్న లాభం ఎంత పెరిగిందో చూడాలి. అది కదలకుండా తరుగుదల తరువాతి లాభం మాత్రమే పెరిగితే మిల్లు ఎక్కువ కాయలు ఆడించలేదని తెలుస్తుంది.

పన్ను విషయంలో ఒక చిక్కు ఉంది. ఆదాయపు పన్ను కోసం ముందుకు తెచ్చుకునే నష్టం పన్ను రిటర్నుల లెక్క, పుస్తకాల లెక్క కాదు. పుస్తకాల నుంచి తొలగించినంత మాత్రాన అది పోదు. కనీస ప్రత్యామ్నాయ పన్ను మాత్రం పుస్తకపు లాభంపై పడుతుంది. పుస్తకాలలోని పాత నష్టం, పాత తరుగుదలలలో ఏది తక్కువైతే దానిని ఆ లాభం నుంచి మినహాయించుకునే సౌకర్యం ఉండేది. పుస్తకాలలో నష్టమే లేకుండా చేసుకున్న కంపెనీ ఆ మినహాయింపు దక్కుతుందా లేదా అన్న తగువును కొని తెచ్చుకుంటుంది. ఈ పన్ను వర్తించే కంపెనీ తీర్మానానికి ముందే ఆ మొత్తాన్ని లెక్క వేసుకోవాలి.

చివరిగా మిగిలేది చిల్లర. రూ.2.25 ముఖవిలువ వాడుకకు ఇబ్బంది కనుక వాటాలను మళ్ళీ పది రూపాయల వాటాలుగా కలుపుతారు. నలభై పాత వాటాలకు తొమ్మిది కొత్తవి. నూరు వాటాలున్నవారికి ఇరవై రెండున్నర వస్తాయి. నాలుగు వాటాలున్నవారికి ఒక్కటి కూడా పూర్తిగా రాదు. ఈ ముక్కలన్నింటినీ ఒక ట్రస్టీ పేర కలిపి అమ్మి, వచ్చిన డబ్బును ఎవరి భాగం వారికి పంపడం ఆనవాయితీ. స్టాక్ ఎక్స్చేంజిలో లేని మిల్లు వాటాకు కొనేవాడు ఒక్కడే, ఆ కొత్త పెట్టుబడిదారే. కాబట్టి ఆ ముక్కలను ఏ ధరకు కొంటారన్నది తీర్మానంలోనే రాయించుకోవలసిన విషయం.